ఫుల్ అండ్ ఫైనల్‌లో ఈ కోత ఎక్కడిది?

ఉద్యోగం మానేసిన కొన్నాళ్లకు హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. దానికి జతగా ఒక పేజీ స్టేట్‌మెంట్ ఉంటుంది. ఒకపక్క మనకు రావాల్సినవి, మరోపక్క వాళ్లు పట్టుకున్నవి, అడుగున మిగిలిన మొత్తం. ఆఫీసుల్లో అందరూ దీన్ని ఫుల్ అండ్ ఫైనల్ అంటారు. రావాల్సినవాటి పక్కన ఎన్ని రోజుల జీతం, ఎన్ని సెలవుల డబ్బు అన్నది రాసే ఉంటుంది. కోతల దగ్గరికొచ్చేసరికి నోటీస్ రికవరీ, అసెట్ రికవరీ, అదర్ రికవరీ అని రెండేసి మాటలు, వాటి ఎదురుగా ఒక్కో అంకె. ఆ అంకె ఎలా వచ్చిందో ఎక్కడా ఉండదు.

చాలామంది ఇక్కడ రెండింట్లో ఒకటి చేస్తారు. కొత్త ఉద్యోగంలో చేరిపోయాం కదా, ఇంకెందుకులే అని వదిలేస్తారు. లేదంటే పాత టీమ్‌లో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి గొడవ పడతారు. రెండింటివల్లా డబ్బు వెనక్కి రాదు. పద్ధతిగా రాసిన ఒక ఉత్తరం చాలాసార్లు తెస్తుంది. ఆ ఉత్తరం ఎలా ఉండాలో చెప్పడానికి ఒక లెక్క తీసుకుందాం. మనిషి ఊహే అయినా, ఇందులోని కోతలన్నీ మన ఆఫీసుల్లో మామూలుగా కనిపించేవే.

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సేవల కంపెనీలో మూడున్నరేళ్లు పనిచేసిన ఉద్యోగిని. నెల జీతం 60,000, అందులో బేసిక్ 30,000. నోటీస్ పీరియడ్ 60 రోజులు. కొత్త కంపెనీ తొందరపెట్టడంతో మేనేజర్‌ని అడిగి 45 రోజులకే, జూన్ 15న రిలీవ్ అయింది. స్టేట్‌మెంట్‌లో రావాల్సినవి ఇలా ఉన్నాయి: జూన్‌లో 15 రోజుల జీతం 30,000, మిగిలిన పది సెలవులకు బేసిక్ లెక్కన 10,000, మొత్తం 40,000. కోతలు: నోటీస్ రికవరీ 30,000, దాని మీద జీఎస్టీ 5,400, పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200, అసెట్ రికవరీ 4,500, అదర్ రికవరీ 6,200. మొత్తం 48,100. అంటే ఆమెకు రావాల్సింది పోయి, ఆమే కంపెనీకి 8,100 రూపాయలు కట్టాలని తేలింది. ఏడు రోజుల్లో కట్టకపోతే రిలీవింగ్ లెటర్ ఇవ్వడం కుదరదని మెయిల్‌లో చివరి వాక్యం.

ఇలాంటి కాగితం చేతికి రాగానే కోపం రావడం సహజమే. కానీ ఉత్తరం మొదలుపెట్టే ముందు కోతలను రెండు కుప్పలుగా విడదీయాలి. చూడగానే సరిపోయేవి ఒకవైపు, వివరణ కావాల్సినవి మరోవైపు. పీఎఫ్ చూడండి: 15 రోజులకు బేసిక్ 15,000, దానిలో 12 శాతం 1,800. సరిగ్గా ఉంది. వృత్తి పన్ను తెలంగాణలో నెలకు 20,000 దాటిన జీతానికి 200. అదీ సరే. ఈ రెండింటి జోలికి ఉత్తరంలో వెళ్లకూడదు. సరైనవాటినీ అనుమానించి అడిగితే, అసలు ప్రశ్నల బరువు తగ్గిపోతుంది. మిగిలిన నాలుగు కోతల మీదే దృష్టి పెట్టాలి.

అన్నిటికన్నా పెద్దది నోటీస్ రికవరీ. పదిహేను రోజులు తక్కువ చేసింది నిజం, అందులో వాదన లేదు. తేలాల్సింది ఆ పదిహేను రోజులకు ఏ జీతం మీద లెక్క కట్టారన్నది. 60,000ను 30తో భాగించి 15తో హెచ్చిస్తే 30,000 వస్తుంది. అంటే పూర్తి జీతం మీద కట్టారు. ఆమె అపాయింట్‌మెంట్ లెటర్‌లో మాత్రం నోటీస్‌కు బదులుగా 'ఆ కాలానికి బేసిక్ వేతనం' చెల్లించాలని ఉంది. ఆ లెక్కన 15,000 మాత్రమే అవుతుంది. కంపెనీ తర్వాతెప్పుడో పాలసీ మార్చి గ్రాస్ అని రాసుకుని ఉండొచ్చు. పేరోల్ వాళ్లు ఆ కొత్త పాలసీనే అందరికీ వర్తింపజేసి ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ మార్పును ఆమెకు ఎప్పుడు, ఎలా తెలియజేశారన్నది అడగాల్సిన ప్రశ్న. లెటర్‌లో బేసిక్ అనీ గ్రాస్ అనీ లేకుండా ఉత్త 'వేతనం' అని మాత్రమే ఉంటే ఆమె పక్షం అంత బలంగా ఉండదు. అప్పుడది మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయమవుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. మేనేజర్ 'జూన్ 15న రిలీవ్ కావచ్చు' అని మెయిల్ ఇచ్చారు కాబట్టి రికవరీయే ఉండదని అనుకుంటారు. ముందుగా వదలడానికి ఒప్పుకోవడం వేరు, తక్కువైన రోజుల డబ్బు మాఫీ చేయడం వేరు. మాఫీ చేశామని ఆ మెయిల్‌లో స్పష్టంగా ఉంటేనే అది పనికొస్తుంది. మన ఉద్యోగిని మెయిల్‌లో ఆ మాట లేదు. అందుకే ఉత్తరంలో మాఫీ తన హక్కు అన్నట్టు రాయకూడదు. మాఫీ చేశారా, మిగిలిన సెలవులను తక్కువైన రోజులకు సర్దుబాటు చేసే వీలు పాలసీలో ఉందా అని మాత్రం అడగొచ్చు.

రెండోది జీఎస్టీ. నోటీస్ రికవరీ మీద 18 శాతం. దీనిమీద దేశవ్యాప్తంగా కొంతకాలం గందరగోళం ఉండేది. ఉద్యోగి ముందే వెళ్లిపోవడాన్ని కంపెనీ సహించడం కూడా ఒక సేవే కాబట్టి పన్ను పడుతుందన్న వాదన నడిచింది. కేంద్ర పరోక్ష పన్నుల, కస్టమ్స్ బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన 178వ నంబరు సర్క్యులర్‌లో దీనికి తెర దించింది. ఉద్యోగి మధ్యలో మానేసినప్పుడు పట్టుకునే జీతంగానీ బాండు డబ్బుగానీ ఏదో సేవకు ప్రతిఫలం కాదనీ, దానిమీద జీఎస్టీ ఉండదనీ చెప్పింది. కొన్ని పాత పేరోల్ సాఫ్ట్‌వేర్లలో ఆ సెట్టింగ్ ఇంకా మార్చకపోతే ఈ లైన్ దానంతటదే వచ్చేస్తుంది. ఇలాంటి చోట వాదన అక్కర్లేదు. ఈ సర్క్యులర్ నంబరు, తేదీ రాసి, ఏ ఆధారంతో పట్టారో చెప్పమంటే చాలు. ఆ లైన్ తీసేయడం తప్ప పేరోల్ వాళ్లకు వేరే దారి ఉండదు.

మూడోది అసెట్ రికవరీ. ఏ వస్తువో రాయలేదు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ల్యాప్‌టాప్‌ను కొరియర్‌లో తిప్పి పంపడం ఇప్పుడు మామూలైంది. పెట్టె ఐటీ విభాగానికి చేరుతుంది, కానీ ఛార్జరో, హెడ్‌సెట్టో, డాకింగ్ స్టేషనో విడిగా నమోదు చేయడం మరిచిపోతే రికార్డులో అది 'తిరిగి రాలేదు' అనే ఉండిపోతుంది. వస్తువు పోయిందని డబ్బు పట్టాలంటే చట్టం ఒక మెట్టు పెట్టింది. ముందుగా ఉద్యోగికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, జరిగిన నష్టాన్ని మించి పట్టకూడదు. మూడేళ్లు వాడిన వస్తువుకు కొత్తదాని ధర వేయడం ఈ రెండో షరతుకు నిలబడడం కష్టం. కాబట్టి వస్తువు పేరు, దాని సీరియల్ నంబరు, విలువ ఎలా కట్టారన్నది అడగాలి. కొరియర్ రసీదు, ఐటీ వాళ్లు ఇచ్చిన అక్‌నాలెడ్జ్‌మెంట్ జతచేయాలి.

నాలుగోది అదర్ రికవరీ. ఇందులో ఏమైనా ఉండొచ్చు. జాయినింగ్ బోనస్ వెనక్కి తీసుకోవడం కావచ్చు, క్యాబ్ ఛార్జీలు కావచ్చు, ముందునెల పొరపాటున ఎక్కువ ఇచ్చిన అలవెన్స్ కావచ్చు. ఒక చిట్కా ఏమిటంటే, ఆ అంకెను పాత పేస్లిప్పుల్లోని చిన్న కోతలతో భాగించి చూడాలి. మన ఉద్యోగిని పేస్లిప్పుల్లో అమ్మానాన్నల ఆరోగ్య బీమాకు నెలకు 1,550 పట్టుకుంటున్నారు. 6,200 అంటే సరిగ్గా నాలుగు వాయిదాలు. ఏడాది ప్రీమియాన్ని కంపెనీ ముందే కట్టేసి, ఆమె నుంచి నెలనెలా వసూలు చేసుకుంటోంది. మిగిలిన నాలుగు నెలలదీ ఒకేసారి పట్టేశారు. ఇది న్యాయమైన కోతే కావచ్చు. కానీ ఒక ముఖ్యమైన ప్రశ్న మిగిలే ఉంది: ప్రీమియం ఏడాదంతటికీ పట్టుకున్నప్పుడు, అమ్మానాన్నల బీమా ఏడాది చివరిదాకా నడుస్తుందా, లేక ఆమె చివరి పనిరోజుతోనే ఆగిపోయిందా? ఆగిపోతే మిగిలిన నాలుగు నెలలకు డబ్బు పట్టుకోవడానికి కారణం చెప్పాలి. నడుస్తుంటే ఆ విషయం ఆ ఇంట్లో తెలిసి ఉండటం డబ్బుకన్నా అవసరం.

ఇంత పని అయ్యాకే ఉత్తరం. ఆఫీసుల్లో దీన్ని ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే రాస్తారు. ఏ భాషలో రాసినా సారం ఇదీ:

విషయం: ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ స్టేట్‌మెంట్‌లోని నాలుగు కోతలపై రాతపూర్వక వివరణ కోరుతూ. ఉద్యోగి నంబరు: (ఇక్కడ నంబరు). చివరి పనిరోజు: జూన్ 15.

హెచ్‌ఆర్ విభాగాధిపతి గారికి,

నమస్కారం. నా ఫుల్ అండ్ ఫైనల్ స్టేట్‌మెంట్ అందింది. పీఎఫ్, వృత్తి పన్ను కోతలు సరిగానే ఉన్నాయి. కింది నాలుగింటికి వివరాలు లేవు. దయచేసి ఒక్కోదానికి రాతపూర్వకంగా వివరణ ఇవ్వగలరు.

1. నోటీస్ రికవరీ 30,000: ఇది ఏ వేతనంపై, ఎన్ని రోజులకు, ఏ భాజకంతో లెక్కించారు? నా అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం బేసిక్ వేతనంపై లెక్కిస్తే 15,000 అవుతుంది. వేరే పాలసీని అనుసరించి ఉంటే దాని ప్రతిని, అది అమల్లోకి వచ్చిన తేదీని, నాకు తెలియజేసిన తేదీని పంపగలరు. తక్కువైన రోజులకు మాఫీగానీ, సెలవుల సర్దుబాటుగానీ వర్తిస్తుందా అన్నది కూడా తెలుపగలరు.

2. జీఎస్టీ 5,400: నోటీస్ రికవరీపై జీఎస్టీ వర్తించదని 2022 ఆగస్టు 3 నాటి 178/10/2022 నంబరు సర్క్యులర్ చెబుతోంది. ఏ ఆధారంతో దీన్ని పట్టుకున్నారో తెలుపగలరు.

3. అసెట్ రికవరీ 4,500: ఏ వస్తువు, దాని సీరియల్ నంబరు, విలువ లెక్కించిన పద్ధతి తెలుపగలరు. ల్యాప్‌టాప్, ఛార్జర్, హెడ్‌సెట్ అప్పగించినట్టు ఐటీ విభాగం ఇచ్చిన అక్‌నాలెడ్జ్‌మెంట్ జతచేశాను.

4. అదర్ రికవరీ 6,200: ఇది దేనికి? తల్లిదండ్రుల ఆరోగ్య బీమా ప్రీమియమైతే, వారి బీమా ఏ తేదీ వరకు అమల్లో ఉంటుందో తెలుపగలరు.

ఈ ఉత్తరం అందిన పది పనిదినాల్లో జవాబు ఇవ్వగలరు. వివరణ వచ్చేవరకు స్టేట్‌మెంట్‌ను నేను అంగీకరించినట్టు భావించవద్దని మనవి. ఏ వివాదమూ లేని మొత్తం ఏదైనా ఉంటే దాన్ని విడుదల చేయగలరు. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్ జారీని ఈ వివరణతో ముడిపెట్టవద్దని కోరుతున్నాను.

ఉత్తరం అంతే. ఇందులో అన్యాయం, మోసం, దోపిడీ లాంటి మాటలు లేవు. అవి మనసులో ఉన్నా కాగితం మీదికి తేకూడదు, ఎందుకంటే జవాబు రాసేవాళ్లు ఆ మాటలకు జవాబు రాసి అసలు ప్రశ్నలు వదిలేస్తారు. ప్రతి కోతకూ ఎంత, ఎలా లెక్క కట్టారు, ఏ నిబంధన ప్రకారం, ఏ ఆధారం ఉంది అని మాత్రమే అడిగింది. వాటికి జవాబివ్వాలంటే హెచ్‌ఆర్ వాళ్లు పేరోల్‌ను, ఐటీని, ఫైనాన్స్‌ను అడగక తప్పదు. తప్పుంటే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

'స్టేట్‌మెంట్‌ను అంగీకరించినట్టు భావించవద్దు' అన్న వాక్యానికి ప్రత్యేకమైన పనుంది. చాలా కంపెనీల పోర్టల్లో సెటిల్‌మెంట్ కింద 'అంగీకరిస్తున్నాను, ఇకపై నాకు ఏ బాకీలూ లేవు' అని ఒక బటన్ ఉంటుంది. ఎక్స్‌పీరియన్స్ లెటర్ కోసం తొందరలో దాన్ని నొక్కేస్తే, రేపు ప్రశ్న లేవనెత్తినప్పుడు కంపెనీ ముందుగా చూపేది అదే. నొక్కక తప్పని పరిస్థితి అయితే, అదే రోజు 'ఫలానా కోతలపై నా అభ్యంతరాన్ని అలాగే ఉంచుతూ అంగీకరిస్తున్నాను' అని ఒక మెయిల్ పంపి పెట్టుకోవాలి.

మెయిల్ ఎక్కడి నుంచి పంపాలన్నదీ ముఖ్యమే. ఉద్యోగం మానిన రోజే ఆఫీసు మెయిల్ ఆగిపోతుంది. కాబట్టి కంపెనీ రికార్డుల్లో ఉన్న వ్యక్తిగత మెయిల్ నుంచే పంపాలి. అపాయింట్‌మెంట్ లెటర్, పేస్లిప్పులు, మేనేజర్ మెయిల్, వస్తువులు అప్పగించిన రసీదు చివరి రోజుకు ముందే సొంతంగా దాచుకోని వాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. వెళ్లేముందు దాచుకునేవి తమకు సంబంధించిన కాగితాలు మాత్రమే కావాలి. కంపెనీ ఫైళ్లు తీసుకుంటే కథ అడ్డం తిరుగుతుంది.

ఇక చట్టం సంగతి. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దీని 17వ సెక్షన్ ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగికి రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి. నెలా నెలన్నర ఆగడమన్న పాత అలవాటు ఇంకా చాలాచోట్ల కొనసాగుతోంది. 18వ సెక్షన్ కోడ్‌లో అనుమతించిన కారణాలకు తప్ప జీతంలో కోత పెట్టకూడదంటుంది, ఆ కారణాల పట్టికను కూడా ఇస్తుంది. ఒక వేతన కాలంలో కోతలన్నీ కలిపి ఆ వేతనంలో సగం దాటకూడదన్న పరిమితి కూడా ఉంది. మన ఉద్యోగిని స్టేట్‌మెంట్‌లో 30,000 జీతానికి 48,100 కోత కనిపించిందంటే, అడగడానికి ఈ పరిమితి ఒక్కటే చాలు. అయితే పరిమితి దాటిన మొత్తం మాఫీ అయిపోదు. దాన్ని నిబంధనల ప్రకారం వేరే విధంగా వసూలు చేసుకోవచ్చు.

పాత వేతన చెల్లింపుల చట్టంలో నెలకు 24,000 దాటిన వాళ్లకు రక్షణ ఉండేది కాదు. కొత్త కోడ్‌లో మేనేజర్ల దాకా ఉద్యోగులందరూ వస్తారు. ఐటీ ఉద్యోగులకు ఇది పెద్ద మార్పు. అనుమతి లేని కోతల మీద అధికారి ముందు దరఖాస్తు వేస్తే, చెల్లించామని రుజువు చేసుకోవాల్సిన భారం యజమానిదేనని 59వ సెక్షన్ చెబుతోంది. దరఖాస్తుకు మూడేళ్ల గడువుంది. కాబట్టి ఉత్తరానికి జవాబు రాకపోయినా తొందరపడి బెదిరించాల్సిన పనిలేదు.

ఉత్తరం పంపాక సాధారణంగా వచ్చే మొదటి జవాబు ఒకే వాక్యం: 'కోతలన్నీ కంపెనీ పాలసీ ప్రకారమే.' ఇది జవాబు కాదు. రెండో మెయిల్ ఇంకా చిన్నది కావాలి. 'మీరు ప్రస్తావించిన పాలసీ ప్రతిని, అందులో వర్తించే క్లాజు నంబరును పంపగలరు. నా మొదటి ఉత్తరంలోని నాలుగు అంశాలకు విడివిడిగా జవాబు రావాల్సి ఉంది' అని మొదటి మెయిల్‌కే రిప్లైగా పంపాలి. కొత్త మెయిల్ తెరిస్తే వరుస తెగిపోతుంది. హెచ్‌ఆర్ ఫోన్ చేసి చెబితే విని, ఆ సాయంత్రమే 'ఈరోజు ఫోన్‌లో మీరు చెప్పినది ఇది' అని రాసి పంపాలి. మాటలో ఉన్నది కాగితం మీదికి రావడానికి అదొక్కటే దారి. పదిహేను ఇరవై రోజులయ్యాక కూడా కదలిక లేకపోతే, ఫిర్యాదుల విభాగానికో పై అధికారికో మొత్తం వరుసను ఒకే మెయిల్‌లో పంపి, అక్కడా తేలకపోతే కార్మిక శాఖకు వెళ్లవచ్చు.

మన ఉద్యోగిని లెక్కకు వద్దాం. జీఎస్టీ లైన్ తీసేస్తారు. ఐటీ రికార్డు సరిచూసి అసెట్ రికవరీ తీసేస్తారు. నోటీస్ రికవరీని అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం 15,000 చేస్తారు. బీమా ప్రీమియం 6,200 అలాగే ఉంటుంది, కానీ అమ్మానాన్నల బీమా అక్టోబరు చివరిదాకా నడుస్తుందని రాతలో వస్తుంది. అప్పుడు కోతలు 23,200. కంపెనీకి 8,100 కట్టాల్సిన మనిషికి 16,800 రావాలి. తేడా 24,900.

సవరించిన స్టేట్‌మెంట్‌ను పాతదానికి బదులుగా ఇచ్చామని రాసి పంపమనాలి. డబ్బు ఖాతాలో పడిందని చూసి వదిలేస్తే, కంపెనీ లెక్కల్లో పాత స్టేట్‌మెంట్ అలాగే ఉండి, ఆమె పేరు మీద బాకీ చూపిస్తూనే ఉండొచ్చు. ఏడాది చివర టీడీఎస్ సర్టిఫికెట్ వచ్చినప్పుడు అందులోని జీతం సవరించిన లెక్కతో సరిపోయిందా, పట్టిన పన్ను ఆదాయపు పన్ను పోర్టల్‌లో తన పాన్ కింద కనిపిస్తోందా అని చూసుకోవాలి. పాత ఉద్యోగం జీతం తప్పుగా చేరితే, కొత్త ఉద్యోగంలో ఆమె పన్ను కూడా తప్పుతుంది.